వెనిగర్‌లో ఆమ్లం ఎంత విడిపోతుంది?

రెండు బీకర్లున్నాయి. ఒకదానిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, రెండోదానిలో వెనిగర్‌కు పులుపునిచ్చే ఎసిటిక్ ఆమ్లం. రెండూ లీటరుకు 0.1 మోల్ చొప్పునే కలిపినవి. కండక్టివిటీ మీటరు ముంచితే మాత్రం మొదటి ద్రావణం రెండోదానికంటే దాదాపు 75 రెట్లు ఎక్కువగా కరెంటును పోనిస్తుంది. ద్రావణంలో కరెంటును మోసేది అయాన్లు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం నీళ్లలో పడగానే పూర్తిగా అయాన్లుగా విడిపోతుంది. ఎసిటిక్ ఆమ్లంలో ఎక్కువ అణువులు విడిపోకుండా అలాగే ఉండిపోతాయి. అందుకే దాన్ని బలహీన ఆమ్లం అంటారు.

విడిపోయిన భాగం ఎంత? దాన్నే వియోజన స్థాయి అంటారు. ఇది తెలియాలంటే రెండు అంకెలు కావాలి. ఒకటి, ఇప్పుడున్న ద్రావణంలో ఒక మోల్ ఆమ్లం చూపే వాహకత. రెండోది, ఆ మోల్ అంతా అయాన్లుగా విడిపోతే ఎంత చూపేదో ఆ విలువ. మొదటిది మోలార్ వాహకత. రెండోది అనంత విలీనం వద్ద మోలార్ వాహకత, అంటే అణువులన్నీ విడిపోయి, అయాన్లు ఒకదాన్నొకటి పట్టించుకోనంత పలచబడినప్పటి విలువ.

చిక్కంతా ఈ రెండోదానితోనే. ఉప్పులాంటి బలమైన విద్యుద్విశ్లేష్యాల విషయంలో ద్రావణాన్ని పలచబరుస్తూ కొలిచి, గాఢత వర్గమూలానికి ఎదురుగా గ్రాఫు గీస్తే సరళరేఖ వస్తుంది. దాన్ని సున్నా గాఢత దాకా పొడిగిస్తే సరి. ఎసిటిక్ ఆమ్లం అలా లొంగదు. లీటరుకు 0.000028 మోల్ దాకా పలచబరిచినా దాని మోలార్ వాహకత 210 దగ్గరే ఉంటుంది. చేరాల్సిన విలువ 390కి పైన. అక్కడ గ్రాఫు నిట్టనిలువుగా లేస్తుంది కనుక ఎక్కడికి పొడిగించాలో తెలియదు.

దారి చూపింది జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ కోల్‌రాష్. 1870లలో ఆయన లవణాలను జంటలుగా పోల్చి చూశాడు. ఇప్పటి అంకెల్లో చెప్పాలంటే, అనంత విలీనం వద్ద పొటాషియం క్లోరైడ్‌కు 149.9, సోడియం క్లోరైడ్‌కు 126.5. తేడా 23.4. పొటాషియం నైట్రేట్‌కు 145.0, సోడియం నైట్రేట్‌కు 121.6. ఇక్కడా తేడా 23.4 మాత్రమే. జతగా ఉన్నది క్లోరైడైనా నైట్రేటైనా పొటాషియం, సోడియంల మధ్య తేడా మారలేదంటే, ప్రతి అయానూ తన వాటా తాను స్వతంత్రంగా మోస్తోందన్నమాట.

ఇక పని కూడికే. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద హైడ్రోజన్ అయాన్ వాటా 349.8, ఎసిటేట్ అయాన్ వాటా 40.9. మొత్తం 390.7 (సెం.మీ² సీమెన్స్/మోల్). నేరుగా ఎవరూ కొలవలేని విలువ అలా చేతికొచ్చింది. ఇందులో దాదాపు తొమ్మిది పాళ్లు హైడ్రోజన్ అయాన్‌దే, ఎందుకంటే దాని ఆవేశం నీటి అణువుల గుండా చేతులు మారుతూ దూసుకుపోతుంది.

ఇప్పుడు కొలత. లీటరుకు 0.001028 మోల్ ఉన్న ఎసిటిక్ ఆమ్ల ద్రావణం విశిష్ట వాహకత సెంటీమీటరుకు 49.5 మైక్రోసీమెన్స్. దాన్ని సీమెన్స్‌లోకి మార్చి, 1000తో గుణించి, గాఢతతో భాగిస్తే 48.15 వస్తుంది. 48.15ను 390.7తో భాగిస్తే 0.123. అంటే నూటికి పన్నెండు అణువులే విడిపోయాయి. లీటరుకు 0.1 మోల్ ఉన్న ద్రావణంలో మోలార్ వాహకత 5.2 మాత్రమే, విడిపోయినవి నూటికి 1.3. పలచబడే కొద్దీ విడిపోయే భాగం పెరుగుతోంది.

లెక్క నమ్మదగినదో కాదో తేల్చుకునే మార్గం కూడా ఉంది. వియోజన స్థాయి వర్గాన్ని గాఢతతో గుణించి, విడిపోని భాగంతో భాగిస్తే వియోజన స్థిరాంకం వస్తుంది. ఆస్ట్‌వాల్డ్ 1888లో ఇచ్చిన సూత్రమిది. పై రెండు ద్రావణాలకూ అది దాదాపు 1.8×10⁻⁵ గానే వస్తుంది. గాఢత మారితే స్థిరాంకం కూడా బాగా మారిపోతోందంటే కొలతలో ఎక్కడో తప్పు దొర్లినట్టే.

ఆ తప్పు తరచుగా నీళ్లలో ఉంటుంది. గాలి తగిలిన డిస్టిల్డ్ వాటర్ కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని, తానే సెంటీమీటరుకు ఒక మైక్రోసీమెన్స్ వరకు చూపుతుంది. 49.5లో అది రెండు శాతం. ఆరు మైక్రోసీమెన్స్ చూపే పలుచటి ద్రావణంలోనైతే ఆరో వంతు! మరొకటి ఉష్ణోగ్రత. ఒక్క డిగ్రీ పెరిగితే వాహకత సుమారు రెండు శాతం పెరుగుతుంది. వేసవిలో 35 డిగ్రీల గదిలో కొలిచి, 25 డిగ్రీల పట్టికలోని అయాన్ విలువలతో భాగిస్తే జవాబు తప్పక తప్పుతుంది.

ఇంత జాగ్రత్త పడ్డా ఒక చిన్న లోటు ఉంటుంది. అసలు ద్రావణంలో అయాన్లు ఒకదాన్నొకటి కొంచెం లాక్కుంటాయి కనుక వాటి వేగం అనంత విలీనంలో ఉన్నంత ఉండదు. దీన్ని సవరిస్తూ న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో మెకిన్నెస్, షెడ్లోవ్‌స్కీ 1932లో ఎసిటిక్ ఆమ్లాన్ని మళ్లీ కొలిచారు. వాళ్లకు వచ్చిన స్థిరాంకం 1.75×10⁻⁵.