ఒకే వరుసలో ఒదిగే మాటలు

ఇంగ్లిష్‌లో `typewriter` అనే మాట మొత్తాన్నీ కీబోర్డు పైవరుసతోనే కొట్టొచ్చని చాలామందికి తెలుసు. మరి తెలుగులో అలాంటి మాటలేంటి? మొన్న క్లబ్ సాయంత్రానికి పజిల్ తయారుచేసే పని నామీద పడితే ఇదే ఇచ్చాను. కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్. షిఫ్ట్ నొక్కకూడదు.

ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడ లెక్క అక్షరాలది కాదు, నొక్కే మీటలది. గుణింతం గుర్తుకి ఒక మీట, వత్తు రావాలంటే మధ్యలో పొల్లుకి (్) ఇంకో మీట. "క"లోని అకారానికి మాత్రం ఏమీ నొక్కక్కర్లేదు.

మధ్యవరుసలో ఎడమ నుంచి ఇవి ఉంటాయి: ో, ే, ్, ి, ు, ప, ర, క, త, చ, ట. "పిచ్చుక" చూడండి: ప, ి, చ, ్, చ, ు, క. కంటికి మూడక్షరాలే, మీటలు ఏడు, అన్నీ ఒకే వరుసలో. కుక్క, కోరిక, రేపు, చేతికర్ర కూడా ఇక్కడే దొరుకుతాయి. మన మాటలు ఎక్కువగా ఉకారంతో ముగుస్తాయి, వత్తులూ ఎక్కువే. ఆ రెండింటికీ కావాల్సిన మీటలు ఈ వరుసలోనే ఉన్నాయి.

కిందివరుసలో ె, ం, మ, న, వ, ల, స, య ఉంటాయి. పొల్లు లేదు కాబట్టి "వెన్నెల" రాదు, "నెల" వస్తుంది. సున్నా పుణ్యమా అని సమయం, వలయం, సంయమనం వచ్చేస్తాయి.

పైవరుస అన్నిటికంటే మొండిది. ౌ, ై, ా, ీ, ూ, బ, హ, గ, ద, జ, డ. పొల్లూ లేదు, ఉకారమూ లేదు. దూడ, జాడ, దగా దాటితే ఏముందా అని మావాళ్లు తల పట్టుకున్నారు. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి "గబగబా!" అంది. ఇంకేముంది, గజగజ, దడదడ వరసకట్టాయి. గుణింతాలు లేకపోయినా నడిచేవి ఈ జంటమాటలే.

జవాబులు సరిచూడ్డానికి నేను రాసుకున్నది ఇంతే:

```python
row = set("ోే్ిుపరకతచట")
print(set(word) <= row)
```

ఒక జూనియర్ "కేర్‌టేకర్" అని ఇచ్చాడు. ప్రోగ్రామ్ కాదంది, నేను పాయింటు ఇవ్వలేదు. "క, ే, ర, ్, ట, ే, క, ర, ్. ఇందులో ఏది లేదన్నా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. పొడవు ప్రింట్ చేసి చూస్తే పది వచ్చింది, తొమ్మిది కాదు. "ర్" కింద "టే" వత్తుగా చేరకుండా ఆపడానికి మధ్యలో కనిపించని అక్షరం ఒకటుంది: `U+200C`. అది ఈ వరుసలో లేదు. అది తీసేస్తే "కేర్టేకర్" అవుతుంది, అప్పుడు వరుస సరిపోతుంది.

అంటే ప్రోగ్రామ్ తప్పు చెప్పలేదు. కానీ ఆ నియమం నేను ముందే చెప్పలేదు కదా! అందుకే పాయింటు ఇచ్చేశాను. మీరు ఈ ఆట ఆడిస్తే, కనిపించని అక్షరాన్ని లెక్కేస్తారో లేదో మొదటే చెప్పేయండి.