సున్నం కింద కావి రంగు

మండపం గోడకు ఆమె టార్చిలైటును పక్కవాటుగా పట్టింది. సున్నం ఒకచోట ఉబ్బి ఉంది. తడితే డొల్ల శబ్దం. సన్నటి బ్లేడుతో సెంటీమీటరు మేరే లేపింది: ఒక సున్నం పూత, దాని కింద ఇంకొకటి, ఆ అడుగున కావి ఎరుపు.

ఇంకాస్త లేపేసరికి పెచ్చు వెనక రంగు అంటుకుని వచ్చింది. వెంటనే చేయి ఆపింది. సున్నం రంగును గట్టిగా పట్టుకుని, రంగు గోడను వదులుగా పట్టుకుంటే, గీకే కొద్దీ బొమ్మే పోతుంది. ముందు పలచటి జిగురు ఎక్కించి రంగును గోడకు నిలపాలి. అది ఆరాక చిన్నచోట మళ్లీ పరీక్షించాలి.

తంజావూరు బృహదీశ్వరాలయంలో 1931లో నాయకుల చిత్రాల కింద చోళుల చిత్రాలు కనిపించాయి. అక్కడ పైపొరా చిత్రమే కాబట్టి, దాన్నీ కాపాడాల్సిందే.

"మొత్తం ఎప్పుడు తీస్తావమ్మా?" అన్నారు పూజారి.

"రంగు గోడను పట్టుకున్నాకే, పంతులుగారూ."