తిరిగొచ్చే వాక్యానికి రేటెంత?

సబ్‌మెర్సిబుల్ పంపుతో పాటు డబ్బాలో వచ్చే పుస్తకాన్ని తిరగేస్తే ఒకే హెచ్చరిక పది చోట్ల కనిపిస్తుంది. మూత తెరిచే ముందు కరెంటు ఆపమని బిగించే అధ్యాయంలో చెబుతారు, నడిపే అధ్యాయంలో చెబుతారు, మరమ్మతుల అధ్యాయంలో మళ్లీ చెబుతారు. అదే కంపెనీ తీసుకొచ్చిన ఇంకో మోడల్ పుస్తకంలో ముప్పాతిక భాగం ఇదే ఉంటుంది, హార్స్‌పవరూ పైపు సైజూ తప్ప. వీటిని ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి మార్చే అనువాదకుడికి మాటకింత అని డబ్బులిస్తారు. మరి పదిసార్లు వచ్చిన వాక్యానికి పదిసార్లు ఇవ్వాలా, ఒకసారి ఇస్తే చాలా? ఫ్రీలాన్స్ అనువాదకులకూ వాళ్లకు పనిచ్చే ఏజెన్సీలకూ మధ్య బేరమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

మన ఊళ్లలో చాలామంది ఇంకా "పేజీకి ఎంత?" అనే అడుగుతారు. దస్తావేజులకు, సర్టిఫికెట్లకు అది సరిపోతుంది. కంపెనీల పనిలో మాత్రం లెక్క మాటల మీద, అదీ ఎక్కువగా మూలంలోని మాటల మీద నడుస్తుంది. తెలుగులో విభక్తులూ ప్రత్యయాలూ మాటకే అతుక్కుంటాయి కాబట్టి అనువాదంలో మాటల సంఖ్య ఇంగ్లిష్ కంటే బాగా తగ్గుతుంది. అందుకే తెలుగు అనువాదకుడు ఇంగ్లిష్ మాటల లెక్కకే ఒప్పుకోవడం మంచిది. పని మొదలుకాక ముందే మొత్తం ఎంతో తేలిపోవడం ఇద్దరికీ సౌకర్యం కూడా.

తిరిగొచ్చే వాక్యాలను పట్టుకునే సాఫ్ట్‌వేర్‌ను ట్రాన్స్‌లేషన్ మెమరీ అంటారు. స్టుట్‌గార్ట్‌లో 1984లో పుట్టిన ట్రాడోస్ అనే జర్మన్ కంపెనీ 1990లలో దీన్ని బాగా వ్యాప్తిలోకి తెచ్చింది. ఇప్పుడు మెమోక్యూ, వర్డ్‌ఫాస్ట్ వంటివి చాలా ఉన్నాయి, ఉచితంగా దొరికే ఒమేగాటి కూడా ఉంది. అన్నిటి పనితీరూ ఒకటే. ఫైలును వాక్యాలుగా విడగొడతాయి, ఒక్కో ముక్కను సెగ్మెంట్ అంటారు. మీరు ఒక సెగ్మెంటును అనువదించగానే మూలాన్నీ తెలుగునూ జంటగా దాచుకుంటాయి. అదే వాక్యం మళ్లీ ఎదురైతే పాత తెలుగును అక్కడ పెడతాయి. కాస్త తేడాతో వస్తే ఎంత పోలిక ఉందో శాతంలో చెప్పి, పాతదాన్ని చూపిస్తాయి. పది మాటల వాక్యంలో ఒక మాట మారితే సుమారు తొంభై శాతం పోలిక. దీన్ని ఫజీ మ్యాచ్ అంటారు. ఇది అనువాదం చేసే యంత్రం కాదు, మీరు చేసిందాన్నే గుర్తుపెట్టుకుని మీ ముందు ఉంచే గుమాస్తా.

గుర్తుపెట్టుకోవడంతో పాటు ఇది లెక్క కూడా వేసిపెట్టడంతో వచ్చింది చిక్కు. మొత్తం మాటల్లో ఎన్ని కొత్తవి, ఎన్ని ఉన్నవి ఉన్నట్టుగా తిరిగొచ్చాయి, ఎన్ని ఏ శాతంలో పోలాయి అని పట్టిక ఇస్తుంది. ఏజెన్సీలు ఆ పట్టిక చూసి తగ్గింపు అడగడం మొదలుపెట్టాయి. నేడు అది మామూలైపోయింది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు నేను వేసుకున్నవే, ఇలాంటి పనుల్లో కనిపించే ధోరణిలోనే ఉంటాయి. మూడు పంపు మోడళ్ల పుస్తకాలు, ఒక్కొక్కటి 4,000 మాటలు, మొత్తం 12,000. రేటు మాటకు 2 రూపాయలు అనుకుందాం. పాత అనువాదం ఏదీ లేదు, కొత్త క్లయింటు. ఏజెన్సీ పంపిన పట్టిక ప్రకారం 4,000 మాటలు అచ్చంగా తిరిగొచ్చినవి, 1,600 మాటలు 85 నుంచి 99 శాతం పోలినవి, 1,000 మాటలు 75 నుంచి 84 శాతం పోలినవి, మిగిలిన 5,400 కొత్తవి. తిరిగొచ్చినవాటికి పావు వంతు, పై ఫజీకి సగం, కింది ఫజీకి 70 శాతం రేటు ఇస్తామంటున్నారు.

```
5400×1 + 1000×0.70 + 1600×0.50 + 4000×0.25 = 7900
```

అంటే 12,000 మాటలు చేసి 7,900 మాటలకు బిల్లు వేయాలి. 24,000 రూపాయల పని 15,800కి దిగింది. ఇది అన్యాయమా, న్యాయమా అనేది మీ గడియారమే చెప్పాలి.

గంటకు 300 కొత్త మాటలు చేసే అనువాదకుడికి ఒక్కో మాటకు 12 సెకన్లు పడుతుంది. ఎనిమిది మాటల వాక్యానికి 96 సెకన్లు. అదే వాక్యం తిరిగొచ్చినప్పుడు ఇంగ్లిష్ ఒకసారి, తెలుగు ఒకసారి చదివి, ఇక్కడ నప్పిందో లేదో చూసి ముందుకు పోవడానికి పది సెకన్లు చాలు. అంటే అసలు శ్రమలో పదో వంతు. పావు వంతు ఇస్తామన్నవాళ్లు శ్రమకు తగ్గట్టు, కాస్త ఎక్కువే ఇస్తున్నారు. సున్నా ఇస్తామన్నవాళ్ల సంగతి వేరు. మన ఉదాహరణలో 4,000 మాటలంటే సుమారు 500 సెగ్మెంట్లు, పదేసి సెకన్ల చొప్పున గంటా ఇరవై నిమిషాలు దాటుతుంది. సున్నా అంటే ఆ సమయం ఊరికే ఇమ్మని అడగడం.

చూడకుండా వదిలేయవచ్చు కదా అనిపిస్తుంది. అది కుదరదు. ఇంగ్లిష్‌లో ఒకేలా ఉన్న ముక్క తెలుగులో రెండు చోట్ల రెండు రకాలుగా ఉండాల్సి రావచ్చు. స్విచ్ మీద 'ఓపెన్' అని ఉంటే అది 'తెరవండి' కావచ్చు, వాల్వ్ పరిస్థితి చెప్పే పట్టికలో 'తెరిచి ఉంది' కావాలి. సాఫ్ట్‌వేర్‌కు రెండూ ఒకటే. ఒంటరి మాటలు, పట్టిక గళ్లు, శీర్షికలు ఎక్కువగా ఉన్న ఫైల్లో ఈ ప్రమాదం ఎక్కువ. కొన్ని టూల్స్ ముందువెనకల వాక్యాలు కూడా కలిస్తేనే పూర్తి పోలికగా చూపిస్తాయి, అవి కొంత నయం. కాబట్టి సున్నా ఇస్తామంటే నా సలహా ఇది: ఆ సెగ్మెంట్లకు తాళం వేసి పంపమనండి, వాటిని చదవనని, వాటిలోని తప్పులకు బాధ్యత మీది కాదని కొటేషన్‌లోనే రాయండి. అది చదివాక చాలామంది పదో పదిహేనో శాతానికి దిగొస్తారు.

ఫజీ దగ్గర గడియారం ఇంకో మాట చెబుతుంది. కరెంటు ఆపమన్న ఆ హెచ్చరిక ఇంగ్లిష్‌లో పది మాటలనుకోండి. అందులో 'బిఫోర్' పోయి 'ఆఫ్టర్' వస్తే పోలిక తొంభై శాతం, అర్థం తలకిందులు. మారిన మాటను సాఫ్ట్‌వేర్ రంగు వేసి చూపిస్తుంది కాబట్టి పట్టుకోవచ్చు, సరిదిద్దడానికి ముప్పై నలభై సెకన్లు పడుతుంది. సగం రేటు న్యాయంగానే ఉంది. 75 శాతం దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. ఎనిమిది మాటల్లో రెండు మారితే తెలుగులో క్రియ చివర మారుతుంది, వాక్యం నడక మారుతుంది. పాతదాన్ని అతకడం కంటే కొత్తగా రాయడమే త్వరగా అవుతుంది చాలాసార్లు. యూరప్ భాషల మధ్య కుదిరిన తగ్గింపు పట్టికలను ఇంగ్లిష్-తెలుగుకు యథాతథంగా తెచ్చిపెట్టడం వల్ల మనవాళ్లు నష్టపోయేది ఇక్కడే. 85కు దిగువన పూర్తి రేటే అడగాలని నేనంటాను. మన ఉదాహరణలో దాని తేడా 600 రూపాయలు.

పట్టికలో ఇంకో సంగతి దాగి ఉంటుంది. ఈ క్లయింటు దగ్గర పాత అనువాదమే లేదు కదా, మరి 2,600 మాటలు దేన్ని పోలాయి? ఆ పుస్తకాల్లోనే ఉన్న మరో వాక్యాన్ని. దీన్ని ఇంటర్నల్ ఫజీ అంటారు. ట్రాడోస్‌లో దీన్ని లెక్కించాలా వద్దా అన్నది ఒక టిక్కు, మెమోక్యూలో 'హోమోజెనిటీ' అనే సెట్టింగు. ఆ టిక్కు తీసేసి అదే ఫైళ్లను మళ్లీ లెక్కేస్తే ఆ 2,600 మాటలు కొత్తవిగా మారతాయి, బిల్లు 18,000 అవుతుంది. ఒకే ఫైళ్లు, ఒకే రేట్లు, 2,200 తేడా. ఏజెన్సీ ఇచ్చిన పట్టికలో ఇంటర్నల్ అన్న వరుస ఉందో లేదో చూడకుండా తలూపకూడదు. దాన్ని పూర్తిగా తిరస్కరించమని అనను, ఉదయం రాసిన వాక్యం మధ్యాహ్నం పనికొచ్చిన మాట నిజమే. కానీ అక్కడ వాడుతున్నది మీరు అప్పుడే రాసిన తెలుగే. కాబట్టి బేరమాడే హక్కు మీకు ఉంది.

అన్నిటికంటే పెద్ద దెబ్బ తగిలేది ఫైళ్లు పంచినప్పుడు. మూడు పుస్తకాలనూ కలిపి లెక్కేశారు. ఒక వాక్యం మొదటిసారి వచ్చిన చోట కొత్తది, రెండోసారి నుంచి తిరిగొచ్చినది. అందుకే మొదటి పుస్తకంలో 300, రెండోదానిలో 1,700, మూడోదానిలో 2,000 మాటలు తిరిగొచ్చినట్టు తేలాయనుకోండి. గడువు దగ్గరపడిందని ఏజెన్సీ ముగ్గురు అనువాదకులకు తలా ఒకటి పంచి, మీకు మూడోది ఇచ్చింది. పట్టిక మాత్రం ఉమ్మడిదే. మీ పుస్తకాన్ని విడిగా లెక్కేస్తే అందులో నిజంగా తిరిగొచ్చేవి 350 మాటలే. మిగతా 1,650 మాటలు మీరు మొదటిసారి చూస్తున్నవి, ముగ్గురూ ఒకేసారి పనిచేస్తున్నారు కాబట్టి వాటి తెలుగు ఇంకా ఎక్కడా లేదు. వాటికి 3,300 రూపాయలు రావాల్సింది, 825 వస్తాయి. మొదటి రెండూ పూర్తయ్యాక వాటి మెమరీ మీ చేతికిస్తే ఆ పట్టిక సరైనదే. లేకపోతే మీ ఫైలు వరకే లెక్కేసి రేటు చెప్పాలి.

తిరిగొచ్చిన వాక్యాల లెక్క సరిచూసుకోవడానికి డబ్బు పెట్టి టూల్ కొనక్కర్లేదు. ఒమేగాటిలో కొత్త ప్రాజెక్టు తెరిచి, వర్డ్ ఫైలును `source` ఫోల్డర్‌లో పెట్టి, `Tools → Match Statistics` నొక్కితే పట్టిక వస్తుంది. `Repetitions` అన్న వరుస చూడాలి. ఏజెన్సీ అంకెకూ దీనికీ కొద్ది తేడా ఉంటుంది, హైఫన్లనూ అంకెలనూ ఒక్కో టూల్ ఒక్కోలా లెక్కిస్తుంది. ఆ తేడా పెద్దదైతే మాత్రం ఫైలును అనుమానించాలి. పీడీఎఫ్ నుంచి మార్చిన ఫైలైతే ప్రతి లైను చివరా వాక్యం తెగిపోయి ఉంటుంది. ఒకే వాక్యం రెండు చోట్ల రెండు రకాలుగా తెగితే తిరిగొచ్చినట్టు టూల్‌కు తెలియదు. అప్పుడు ఇచ్చిన అంకె ఎవరికీ న్యాయం చేయదు, అసలు వర్డ్ ఫైలో ఇన్‌డిజైన్ ఫైలో అడిగి తెప్పించుకోవడమే దారి.

తెలుగుకు ప్రత్యేకమైన తకరారు మరొకటుంది. "నిరుటి పుస్తకం ఉంది, అందులోంచి చాలా వాడుకోవచ్చు" అని కొందరు క్లయింట్లు తగ్గింపు అడుగుతారు. ఆ పుస్తకం డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో కూర్చింది అయి ఉంటుంది. అవి యూనికోడ్ కావు. మెమరీలోకి ఎక్కించాలంటే ముందు కన్వర్టర్‌తో మార్చాలి, విరిగిన వత్తులు సరిచేయాలి, ఆ తర్వాత ఇంగ్లిష్ వాక్యానికి తెలుగు వాక్యాన్ని జతపరచాలి. ఇదంతా అయ్యేదాకా ఆ పుస్తకం వల్ల ఒక్క మాట కూడా కలిసిరాదు. ఈ పనికి మాటల లెక్క పనికిరాదు కాబట్టి గంటల లెక్కన వేరే వరుసలో కొటేషన్ వేయాలి. ఆ అంకె చూశాక క్లయింటు పాత పుస్తకాన్ని పక్కన పెట్టి, కొత్తగానే చేయమంటాడు తరచుగా.