పొడుగు వాక్యాన్ని ఎక్కడ తుంచాలి?

ఒక అపార్ట్‌మెంట్ సంఘం నోటీసు బోర్డు మీద పెట్టడానికి రాసుకున్న చిత్తుప్రతి ఇలా ఉందనుకుందాం:

"గత వారం రోజులుగా పై ట్యాంకు నుంచి వచ్చే పైపు పగిలి నీళ్లు సరిగా రాకపోవడంతో మూడో అంతస్తు వాళ్లు పడుతున్న ఇబ్బందిని గమనించి, ప్లంబర్‌ను పిలిపించి చూపించగా పైపు మొత్తం మార్చాలని చెప్పినందువల్ల, ఆ పని ఆదివారం పెట్టుకున్నాం కాబట్టి ఆ రోజు తొమ్మిది నుంచి రెండు గంటల వరకు నీళ్లు రావని, ముందుగా పట్టి ఉంచుకోవలసిందిగా అందరినీ కోరుతున్నాం."

చివరి మాట దాకా వెళ్తేగాని ఎవరు ఏం అడుగుతున్నారో తెలియదు. తెలుగులో క్రియ చివర వస్తుంది కనుక, వాక్యం పెరిగేకొద్దీ చదివేవాడు అన్నీ మోసుకుంటూ నడవాలి. సరే, ముక్కలు చేద్దాం:

"పైపు పగిలింది. నీళ్లు సరిగా రావడం లేదు. మూడో అంతస్తు వాళ్లు ఇబ్బంది పడుతున్నారు. ప్లంబర్ వచ్చాడు. పైపు మార్చాలన్నాడు. ఆదివారం పని ఉంది. తొమ్మిది నుంచి రెండు వరకు నీళ్లు రావు. ముందే పట్టుకోండి."

అర్థమవుతోంది, కానీ దండోరా వేసినట్టుంది. వాక్యాలు చిన్నవి కావడం ఒక్కటే దీనికి కారణం కాదు. మొదటి ప్రతిలో 'రాకపోవడంతో', 'చూపించగా', 'చెప్పినందువల్ల', 'కాబట్టి' అనేవి ఒక సంగతికీ మరో సంగతికీ ఉన్న సంబంధాన్ని చెబుతున్నాయి. తుంచేటప్పుడు వాటిని కూడా పారేశాం. మిగిలినవి విడివిడి సమాచారాలు. పైగా 'వలసిందిగా కోరుతున్నాం'లో ఉన్న మర్యాద పోయి ఉత్త ఆజ్ఞ మిగిలింది.

కాబట్టి తుంచే ముందు ఒక్కో పని ఎవరు చేస్తున్నారో చూసుకోవాలి. 'పిలిపించి', 'గమనించి' లాంటి అసమాపక క్రియలు మామూలుగా చివరి క్రియకున్న కర్తనే కోరుకుంటాయి. గమనించిందీ, పిలిపించిందీ, కోరుతున్నదీ సంఘమే. మధ్యలో 'చెప్పినందువల్ల' దగ్గర మాత్రం కర్త ప్లంబర్. కర్త మారిన చోట వాక్యం తెగడానికి సిద్ధంగా ఉంటుంది. 'పైపు పగిలి నీళ్లు రాలేదు' అన్నప్పుడు కూడా కర్తలు రెండే, కానీ ఒకటి రెండోదానికి కారణం. 'వాన పడి పంట పాడైంది' అంటాం కదా, అలాంటిది. అక్కడ కత్తెర వేయనక్కర్లేదు.

తెంచిన చోట పోయిన సంబంధాన్ని తర్వాతి వాక్యం మొదట్లో తిరిగి చెప్పాలి. '-ఇనా' పోతే 'అయినా', '-అందువల్ల' పోతే 'అందుకే' లేదా 'దాంతో'. కొన్నిసార్లు 'ఆ', 'ఈ' చాలు:

"పై ట్యాంకు నుంచి వచ్చే పైపు పగలడంతో వారం రోజులుగా మూడో అంతస్తుకు నీళ్లు సరిగా అందడం లేదు. ప్లంబర్‌ను పిలిపించి చూపిస్తే పైపు మొత్తం మార్చక తప్పదన్నాడు. ఆ పని ఈ ఆదివారం పెట్టుకున్నాం. కాబట్టి ఆ రోజు ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు వరకు ఎవరికీ నీళ్లు రావు. దయచేసి కావలసినన్ని నీళ్లు ముందుగానే పట్టి ఉంచుకోండి."

ఐదు వాక్యాలు. మూడోది చాలా పొట్టిది, అయినా 'ఆ పని' అన్న మాట దాన్ని వెనక వాక్యానికి అతికించింది. 'తప్పదన్నాడు'లో కర్తను మళ్లీ పేర్కొనలేదు. ప్లంబర్ పేరు అదే వాక్యంలో ఉంది, క్రియ చివరి 'డు' మిగతాది చెబుతుంది. ప్రతి వాక్యానికీ 'ఆయన', 'వారు' తగిలిస్తే తెలుగు బరువెక్కుతుంది. అసలు ప్రతిలో దాగిన ఒక తప్పు కూడా ఈ పనిలో బయటపడింది. 'నీళ్లు రావని' అన్న మాటకు తగిన క్రియ అక్కడ లేదు. 'తెలియజేస్తూ' అని ఉండాల్సింది. లేకపోవడంతో అది 'కోరుతున్నాం'కు తగులుకుని, నీళ్లు రావొద్దని కోరుతున్నట్టయింది.

బాగా తెగిందో లేదో తేల్చుకోవడానికి వాక్యాల చివరి మాటలు మాత్రమే చదవండి. 'లేదు, అన్నాడు, పెట్టుకున్నాం, రావు, ఉంచుకోండి' అని రకరకాలుగా ఉన్నాయి. వరసగా నాలుగు 'చేశారు, వెళ్లారు, చెప్పారు, వచ్చారు' కనబడితే ఏదో ఒకదాన్ని పక్క వాక్యంలో కలిపేయొచ్చు, లేదా క్రియ లేని వాక్యంగా మార్చొచ్చు. 'ఆ పని ఈ ఆదివారం' అన్నా తెలుగులో వాక్యమే. తర్వాత మొదటి మాటలు చదవండి. ప్రతిదీ 'కాగా', 'అందువల్ల', 'దాంతో' అని మొదలైతే అతుకులు కనిపిస్తున్నట్టే. పత్రికల్లో 'కాగా' ఇలాగే అరిగిపోయింది. దాని తర్వాత వచ్చే సంగతికి వెనక దానితో చాలాసార్లు సంబంధమే ఉండదు.

అన్నీ తుంచకూడదు కూడా. 'వాన వస్తే సభ హాల్లో జరుగుతుంది' అన్నదాన్ని 'వాన రావచ్చు. అప్పుడు సభ హాల్లో జరుగుతుంది' అని విడగొడితే షరతు కాస్తా వాతావరణ సూచన అవుతుంది. ఒకే మనిషి వరసగా చేసిన పనులూ అంతే. 'తాళం తీసి, లైటు వేసి, కుర్చీలు సర్దాడు' ఎంత సాగినా చదివేవాడికి బరువనిపించదు.