వైఫై గీతలు నిండుగా వున్నా నెట్ ఎందుకు నత్తనడక?

సాయంత్రం ఏడయ్యేసరికి చాలా ఇళ్ళల్లో ఇదే గొడవ. అమ్మాయి ఆన్‌లైన్ ట్యూషన్ మధ్యలో ఆగిపోతుంది. దూరాన వున్న అబ్బాయితో వీడియో కాల్ మాట్లాడుతుంటే ముఖం బొమ్మలా బిగుసుకుపోతుంది. ఫోన్లో వైఫై గీతలు మాత్రం నిండుగా వుంటాయి! నెట్ కంపెనీని తిట్టుకునే ముందు మీ ఫోన్లోనే వున్న ఒక పేజీ చూడండి. లోపం ఇంట్లో వుందో, బయట వుందో చాలావరకు అదే చెబుతుంది.

ఆండ్రాయిడ్ ఫోన్లో సెట్టింగ్స్ తెరిచి, వైఫైలోకి వెళ్ళి, మీ వైఫై పేరు పక్కనున్న పళ్ళచక్రం గుర్తునో, బాణం గుర్తునో నొక్కండి. Signal strength, Frequency, Link speed, IP address అనే వరుసలు కనిపిస్తాయి. కొన్ని ఫోన్లలో ఇంకాస్త కిందికి జరపాలి. పవర్ బటన్, వాల్యూమ్ తగ్గించే బటన్ కలిపి నొక్కితే ఆ పేజీ ఫోటోలా నిలిచిపోతుంది. అదే స్క్రీన్‌షాట్. ఇలాంటివి రెండు తీయాలి. ఒకటి నెట్ నెమ్మదిగా వుండేచోట, రెండోది రౌటర్ పెట్టె పక్కనే నిలబడి.

ఒక ఇంటి సంగతే చూద్దాం. అపార్ట్‌మెంట్లో మూడు గదుల ఇల్లు, కట్టేది 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కి. అమ్మాయి చదువుకునే గదిలో తీసిన స్క్రీన్‌షాట్లో Signal strength దగ్గర Excellent అని వుంది. అంటే రౌటర్ నుంచి ఫోన్ దాకా సిగ్నల్ బాగానే అందుతోంది. ఆ గీతలు చెప్పేది అంతవరకే, రౌటర్ నుంచి వీధిలోకి పోయే లైను సంగతి వాటికి తెలియదు.

తర్వాత IP address. అక్కడ 192.168.1.7 అని వుంది. రౌటర్ మీ ఫోన్‌కి ఇచ్చిన ఇంటి నంబరు లాంటిదన్నమాట. అదే 169.254 తో మొదలైతే రౌటర్ నంబరు ఇవ్వలేదని అర్థం. అప్పుడు నెట్ నెమ్మదించడం కాదు, అసలు రాదు. వైఫై ఆపి మళ్ళీ పెట్టాలి, అప్పటికీ రాకపోతే రౌటర్‌ని ఆపి పెట్టాలి. ఈ ఇంట్లో ఆ ఇబ్బంది లేదు.

అసలు గుట్టు మూడో వరుసలో బయటపడింది. Frequency దగ్గర 2.4 GHz అనీ, Link speed దగ్గర 72 Mbps అనీ వుంది. వైఫైకి ముఖ్యంగా రెండు దారులుంటాయి. 2.4 పాత బజారు వీధిలాంటిది. గోడలు దాటి దూరం పోతుంది కానీ రద్దీ ఎక్కువ. పై ఇల్లు, కింది ఇల్లు, పక్కిల్లు అందరి రౌటర్లూ అందులోనే తిరుగుతాయి. బ్లూటూత్ కూడా అదే దారి. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసే ఫ్రీక్వెన్సీ కూడా దాదాపు ఇదే కాబట్టి, అది తిరుగుతున్నంతసేపూ దగ్గర్లో నెట్ తడబడవచ్చు. పైగా 72 అని చూపినా చేతికందేది దాదాపు సగమే, రద్దీ వేళ ఇంకా తక్కువ. అందుకే సాయంత్రం పూట ట్యూషన్ ఆగిపోయింది.

రెండో దారి 5 GHz. ఇది వెడల్పాటి రోడ్డు. ఆ ఇంట్లో వైఫై పేర్లు రెండు కనిపిస్తున్నాయి, ఒకదాని చివర 5G అని వుంది. అది మొబైల్ 5జి కాదు, ఈ దారి పేరే. అమ్మాయి ఫోన్‌ని దానికి కలిపేసరికి Link speed 433 అయింది. ట్యూషన్ ఆగలేదు. మీ ఇంట్లో పేరు ఒక్కటే వుంటే, ఫోనే దారి ఎంచుకుంటుంది. రౌటర్ దగ్గరికెళ్ళి వైఫై ఆపి మళ్ళీ పెడితే తరచు 5 దొరుకుతుంది.

అయితే 5 కి గోడలంటే పడదు. అదే ఇంట్లో రెండు గోడల అవతలున్న వంటింట్లో 5 పెట్టి చూస్తే సిగ్నల్ Weak అని వచ్చింది. అక్కడ 2.4 మేలు. రౌటర్‌ని బీరువా వెనకా, టీవీ వెనకా దాచకుండా ఇంటి మధ్యలో కాస్త ఎత్తున పెడితే రెండూ బాగుపడతాయి.

ఇక రెండో స్క్రీన్‌షాట్ చూడండి. రౌటర్ పక్కనే, 5 GHz లో, సిగ్నల్ Excellent అయివుండి, మిగతా ఫోన్లూ, టీవీ వాడకుండా వున్నప్పుడు కూడా నెట్ ఈడుస్తుంటే, లోపం రౌటర్‌లోనో బయటి లైనులోనో వున్నట్టు. అప్పుడు కంపెనీవాళ్ళకి ఫోన్ చేసి, రెండు స్క్రీన్‌షాట్లూ పంపండి. 192.168 నంబరు కనిపించినా భయం లేదు, అలాంటివి ఇంటింటా వుంటాయి. కానీ ముగ్గులా వుండే క్యూఆర్ కోడ్ గనక అదే పేజీలో వుంటే, దాన్ని కత్తిరించి పంపండి. దాన్లో మీ వైఫై పాస్‌వర్డ్ వుంటుంది.