గుమ్మం దాకా తీసుకువెళ్ళే గుర్తు

రాజమహేంద్రవరంలోని దానవాయిపేటలో వైద్యశాలలకు కొదవ లేదు. అక్కడి ఒక సందులో కొత్తగా చిన్న క్లినిక్ తెరిచారనుకుందాం. ‘దగ్గరలోని క్లినిక్’ అని సెల్‌ఫోనులో వెదికే రోగికి ఏది ముందు చూపాలో గూగుల్ ప్రధానంగా మూడు విషయాలను బట్టి నిర్ణయిస్తుంది. అవి అడిగినదానితో పొందిక, దూరం, ప్రసిద్ధి.

దూరానికి ఆధారం పటంపై ఉంచిన గుర్తు. అది వెనుక వీధిలో పడితే రోగి ప్రహరీగోడ దగ్గర నిలబడి, “దారి ఎటండీ?” అని ఫోను చేస్తాడు. అటువంటి ఫోన్లు తరచు వస్తున్నాయంటే గుర్తు తప్పిందన్నమాటే. యజమాని తన ఖాతాలోకి వెళ్ళి దానిని గుమ్మం ముందుకు జరపవచ్చు.

2015లో నగరం పేరు అధికారికంగా మారినా జనం నోట రాజమండ్రి అనే మాట నిలిచే ఉంది. అందుకని రెండు పేర్లనూ క్లినిక్ పేరుకు తగిలించరాదు. బోర్డు మీది పేరునే నమోదు చేయాలన్నది గూగుల్ నియమం. మీరితే నమోదే నిలిచిపోవచ్చు.

ప్రసిద్ధి కొంతవరకు సమీక్షల వల్ల కలుగుతుంది. మంచి సమీక్ష రాస్తే రుసుము తగ్గిస్తామనే సెలూను కూడా నియమాన్ని ఉల్లంఘించినట్లే. వైద్యుని చిక్కు వేరు. సమీక్షలో ఎవరైనా నిందించినా, ఆయన రోగి జబ్బును బయటపెట్టి సమాధానం చెప్పుకోలేడు.

పేటలోని వాట్సప్ బృందంలో సెలూను తన ధరలను చాటుకోవచ్చు. వైద్యుల ప్రవర్తనకు సంబంధించిన 2002 నాటి నియమావళి మాత్రం రోగులను ఆకర్షించే ప్రకటనలను నిషేధించింది. వైద్యవృత్తి ప్రారంభం, చిరునామా మార్పు వంటివి పత్రికలలో తెలపడానికే అనుమతించింది. కనుక వైద్యుడు బృందంలోనూ వేళలు, చిరునామా తెలిపి ఊరుకోవడమే క్షేమం.