జీతం ఆలస్యమైతే నోటీసులో ఏం రాయాలి?

సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లోని వైద్య పరికరాల పార్కులోనూ, అటు పటాన్‌చెరు వైపూ ఉన్న చిన్న యూనిట్లలో చాలావాటికి ఒకరిద్దరు పెద్ద కొనుగోలుదారులే ఆధారం. వాళ్ల బిల్లు ఆగితే ఇక్కడ జీతాలు ఆగుతాయి. అలాంటి 50 మంది కంపెనీ ఒకటి ఉందనుకుందాం. ఆఫీసులో రాసిన నోటీసు చిత్తు ఇదీ:

“అనివార్య కారణాల వల్ల ఈ నెల జీతాలు కొంత ఆలస్యమవుతాయి. త్వరలో జమ చేస్తాం. మనమంతా ఒకే కుటుంబం, సహకరించగలరు.”

మర్యాదగానే ఉంది, కానీ ఇంటి ఓనరుకు ఏం చెప్పాలో చదివినవాడికి తెలియదు. కారణం దాస్తే కంపెనీ మూతపడుతోందన్న పుకారు సాయంత్రానికల్లా క్యాంటీన్‌లో తిరుగుతుంది. ఇక ‘కుటుంబం’ అన్న మాట జీతం ఆపిన రోజున వినడానికి ఎవరికైనా చిరాకే.

భాష దిద్దే ముందు లెక్క చూడాలి. నెల జీతాలు 11 లక్షలు. పీఎఫ్, ఈఎస్‌ఐ సొమ్ము పక్కన పెట్టాక చేతిలో ఉన్నది 7 లక్షలు. ఆపరేటర్లు, హెల్పర్లు 40 మందికి తలా 16 వేల చొప్పున 6 లక్షల 40 వేలు సరిపోతుంది. అంటే ఆలస్యం అందరికీ కాదు, ఆఫీసు సిబ్బంది పదిమందికే. మిగిలిన 60 వేలు వాళ్లలో ఈఎంఐ ఉన్నవారికి అడ్వాన్సుగా పనికొస్తుంది. అందరికీ తలా కొంచెం పంచడం కన్నా ఇదే మేలని నా అభిప్రాయం. ఇప్పుడు నోటీసు ఇలా మారుతుంది:

“మనకు రావాల్సిన పెద్ద బిల్లు ఒకటి ఆగింది. ఆపరేటర్లకు, హెల్పర్లకు 7వ తేదీనే పూర్తి జీతం పడుతుంది. ఆఫీసు సిబ్బందికి 16న పడుతుంది. బిల్లు రాకపోయినా బ్యాంకు ఓడీ నుంచి ఇస్తాం. పీఎఫ్, ఈఎస్‌ఐ 15లోగా కడతాం. ఈఎంఐ, అద్దె ఇబ్బంది ఉన్న సిబ్బంది 5లోగా అకౌంట్స్‌లో చెప్పండి, అడ్వాన్సు ఇస్తాం. ఈ ఆలస్యం మా వల్లే, క్షమించండి.”

కొనుగోలుదారు 12న ఇస్తానన్నాడని మనమూ 12 అని రాయకూడదు. ఒక్కరోజు తప్పినా రెండో నోటీసును ఎవరూ నమ్మరు. ఓడీ మాట కూడా బ్యాంకు మంజూరు చేశాకే రాయాలి. ఈ నోటీసు 4వ తేదీకల్లా బోర్డుమీద, వాట్సాప్ గ్రూపులో ఉండాలి. ఒడిశా, బిహార్ కార్మికుల కోసం హిందీలోనూ పెట్టాలి.

ఎంత బాగా రాసినా ఒక పరిమితి ఉంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా ఇవ్వాలి. నోటీసు అంటించినంత మాత్రాన ఆ గడువు మారదు.